అందరినీ గౌరవిస్తానంటే చాలదు

"నేను అన్ని మతాలనూ సమానంగా గౌరవిస్తాను. నదులన్నీ సముద్రంలో కలిసినట్టే మతాలన్నీ చేరేది ఒక్క చోటికే." మా అక్క కూతురు రాసుకొచ్చిన అప్లికేషన్ లెటర్ ఈ రెండు వాక్యాలతో మొదలైంది. మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో, మా వంటింటి బల్ల మీద ఆ రెండు పేజీలూ పరుచుకుని కూర్చున్నాం. ఊళ్లోని ఒక సెకండరీ స్కూలు సెప్టెంబరు నుంచి మతవిద్య టీచరు కావాలని ప్రకటన ఇచ్చింది. ఆఖరు తేదీ శుక్రవారం.

నేను ఎర్ర పెన్ను తీసి మొదటి వాక్యం కింద ఒక గీత, రెండో వాక్యం కింద రెండు గీతలు గీశాను.

"ఇందులో తప్పేముంది పిన్నీ? చిన్నప్పట్నుంచీ మనం వింటున్నదేగా!" అంది.

"మొదటిది ఎవరైనా రాస్తారు. రెండోది రాస్తే నిన్ను ఇంటర్వ్యూకి పిలవరు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో నేను చెబుతున్నది ఈ పాఠమే. వచ్చిన దరఖాస్తులను వడపోసే ప్యానెల్లో కూడా చాలాసార్లు కూర్చున్నాను. అందుకే ఉన్నమాట చెప్పాలనుకున్నాను. పక్షపాతం లేకుండా ఉంటానని కాగితం మీద ప్రమాణం చేసి ఎవరినీ నమ్మించలేం. మనది కాని మతం గురించి ఎంత సరిగ్గా మాట్లాడగలమో చూపించాలి. ఆ సరితనంలోనే పక్షపాతం ఉందో లేదో కనబడిపోతుంది. ఆ సాయంత్రమంతా మేమిద్దరం చేసింది ఆ ఉత్తరాన్ని ప్రమాణాల నుంచి పాఠాల్లోకి దించడమే.

మనకు లేని సబ్జెక్టు

తెలుగునాట చదివినవాళ్లకు ఈ ఉద్యోగమే వింతగా తోస్తుంది. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ ఉండకూడదు. ఇంగ్లండ్‌లో సర్కారు డబ్బుతో నడిచే ప్రతి బడిలోనూ మతవిద్య ఉండి తీరాలి. అక్కడ అందరూ దాన్ని ఆర్‌ఈ అంటారు. 1944 నాటి విద్యాచట్టం దీన్ని తప్పనిసరి చేసినప్పుడు దాని పేరు మతబోధ. ఆచరణలో అది బైబిలు చదివించడమే. 1988 చట్టం పేరును మతవిద్యగా మార్చింది. ఈ దేశపు మతసంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమైనవన్న సంగతిని పాఠ్యప్రణాళిక ప్రతిఫలించాలని, మిగతా ముఖ్య మతాల బోధలనూ ఆచారాలనూ కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది.

ఈ మార్పు పైనుంచి ఊడిపడలేదు. దక్షిణాసియా నుంచి, కరీబియన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు తరగతుల్లో కూర్చున్నాక, ఒకే మతం చెబితే సరిపోదని టీచర్లకే ముందు తెలిసొచ్చింది. నినియన్ స్మార్ట్ అనే పండితుడు 1967లో లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన విభాగాన్ని మొదలుపెట్టాడు. మతాన్ని నమ్మించడానికి కాక, అర్థం చేసుకోవడానికి చదవాలన్న ఆయన ఆలోచన బడుల్లోకి పాకింది. 1975లో బర్మింగ్‌హామ్ నగరం అనేక మతాలకు చోటిస్తూ పాఠ్యప్రణాళిక తెచ్చింది. ఈనాటికీ ఆర్‌ఈకి దేశమంతటికీ ఒకే సిలబస్ లేదు. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో మతాల ప్రతినిధులు, టీచర్లు, స్థానిక ప్రభుత్వం కలిసి కూర్చుని ఒప్పుకున్న సిలబస్ ఉంటుంది.

మా లెస్టర్ సంగతి చూడండి. 2021 జనగణనలో క్రైస్తవులు 24.7 శాతం, ముస్లింలు 23.5, ఏ మతమూ లేదన్నవాళ్లు 23, హిందువులు 17.9, సిక్కులు 4.5. సగానికి మించి ఎవరూ లేరు. ముప్ఫైమంది తరగతిలో ఏడుగురు క్రైస్తవుల పిల్లలు, ఏడుగురు ముస్లింల పిల్లలు, ఏడుగురు ఏ మతమూ లేని ఇళ్ల పిల్లలు, అయిదుగురు హిందువుల పిల్లలు, ఒక సిక్కు బిడ్డ, ఇంకో ముగ్గురు ఉంటారన్నమాట. టీచరు నోట ఏ మాట వచ్చినా అది ఎవరో ఒకరి ఇంటి సంగతే. సాయంత్రం ఆ మాట ఆ ఇంటికి చేరుతుంది కూడా. పైగా, కారణం చెప్పనక్కర్లేకుండానే తల్లిదండ్రులు తమ బిడ్డను ఆర్‌ఈ తరగతి నుంచి పూర్తిగా గానీ కొంతమేరకు గానీ తప్పించుకోవచ్చు. చట్టం వాళ్లకిచ్చిన హక్కు అది. టీచరు మీద నమ్మకం పోతే ముందు ఖాళీ అయ్యేది ఆ కుర్చీయే.

ఉత్తరాన్ని ఎలా చదువుతారు

ఇక్కడి బడులు దరఖాస్తు ఫారం నింపమంటాయి, దానితోపాటు ఒక ఉత్తరం రాయమంటాయి. పిల్లల భద్రత కోసం ఉద్యోగ నియామకాలకు పెట్టిన నిబంధనల్లో బయోడేటా ఒక్కటే పంపితే తీసుకోకూడదని ఉంది. చదువులో, ఉద్యోగంలో ఎక్కడ ఖాళీ వచ్చినా ఎందుకొచ్చిందో చెప్పాలి. మా అమ్మాయికి పెళ్లయి వచ్చాక రెండేళ్ల ఖాళీ ఉంది. దాన్ని దాచాలని చూసింది. "బిడ్డను చూసుకున్నానని ఒక్క వాక్యం రాయి, అయిపోతుంది" అన్నాను.

ప్రకటనతోపాటు పర్సన్ స్పెసిఫికేషన్ అని ఒక పేజీ ఇస్తారు. దానిలో రెండు వరసలుంటాయి. ఒకటి ఉండి తీరాల్సినవి, రెండోది ఉంటే మంచివి. ప్యానెల్లో కూర్చున్నవాళ్లం ఆ పేజీని పక్కన పెట్టుకుని, ఉత్తరంలో ఒక్కో అంశానికీ ఆధారం కనబడిందా లేదా అని మార్కులు వేస్తాం. ఈ బడి అడిగినవాటిలో మూడు ముఖ్యం. మొదటిది, క్రైస్తవం, ఇస్లాం రెండింటినీ జీసీఎస్ఈ, అంటే ఇక్కడి పదహారేళ్ల పిల్లల పబ్లిక్ పరీక్ష, స్థాయిలో చెప్పగలగడం. రెండోది, చిన్న తరగతుల్లో మిగతా మతాలూ, మతం లేని జీవనదృక్పథాలూ చెప్పగలగడం. మూడోది, భిన్న నేపథ్యాల పిల్లలతో నిష్పక్షపాతంగా మెలిగిన అనుభవం.

"గౌరవిస్తాను" అన్న మాట ఈ మూడింటిలో దేనికీ ఆధారం కాదు. నలభై ఉత్తరాలొస్తే నలభైలోనూ ఆ మాట ఉంటుంది.

ఒక విషయం మన ఊళ్ల నుంచి ఇక్కడికి రావాలనుకునే టీచర్లకు చెప్పాలి. భారతదేశంలో శిక్షణ పొందిన టీచర్లు ఇంగ్లండ్ అర్హత కోసం నేరుగా దరఖాస్తు చేసే పద్ధతి 2023లో వచ్చింది. కానీ మనవాళ్లకు అది లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే వర్తించింది. ఆర్‌ఈకి కాదు. మా అమ్మాయి హైదరాబాదులో తత్వశాస్త్రం ఎంఏ చేసి వచ్చినా, ఇక్కడ మళ్లీ ఏడాదిపాటు పీజీసీఈ శిక్షణలో చేరింది అందుకే.

నదులన్నీ ఒకే సముద్రంలో కలుస్తాయా

రెండో వాక్యం కింద రెండు గీతలు ఎందుకు గీశానో చెప్పడానికి చాలాసేపు పట్టింది. మన ఇళ్లలో ఆ మాటకు ఎంతో మర్యాద ఉంది. ఎదుటివాడి దేవుణ్ణి కాదనకపోవడమే సంస్కారమని మనం పెరిగాం. ఆ సంస్కారాన్ని నేను తప్పుపట్టడం లేదు.

అయితే, మతాలన్నీ చెప్పేది ఒకటేనన్నది మతాలన్నీ ఒప్పుకున్న మాట కాదు. అది కొన్ని సంప్రదాయాలు, ముఖ్యంగా మన దగ్గర అద్వైతం వైపు మొగ్గిన ఆధునిక హిందూ ఆలోచన, మిగతావాటి గురించి చెప్పే మాట. దేవుడొక్కడే, ఆయనకు సాటి కల్పించడం అన్నిటికన్నా పెద్ద పాపమని నమ్మే ముస్లిం బిడ్డ దాన్ని ఒప్పుకోడు. క్రీస్తు మరణంతోనే రక్షణ వచ్చిందని నమ్మే పెంతెకోస్తు అమ్మాయి ఒప్పుకోదు. అసలు సృష్టికర్త ప్రసక్తే లేని బౌద్ధం ఆ పోలికలో ఎక్కడ ఇముడుతుంది? దేవుడు లేడనే ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు ఏ నదిలో ఉన్నట్టు?

"అంటే నేను అందర్నీ కలుపుకుంటున్నాననుకుంటూ, అందర్నీ మన ఇంటి లెక్కలో వేసేస్తున్నానన్నమాట" అంది ఆమె మెల్లగా.

అదే. ఒకరి విశ్వాసాన్ని వాళ్లు గుర్తుపట్టలేని రూపంలో చెప్పడం, ఎంత ప్రేమగా చెప్పినా, వాళ్లకు అన్యాయమే. ఆర్‌ఈ టీచరు తనకు తాను పెట్టుకోవాల్సిన పరీక్ష ఇది: నేను చెప్పిన వివరణ విని, ఆ మతానికి చెందిన పిల్లవాడు "అవును మిస్, మా ఇంట్లో అలాగే అనుకుంటాం" అనగలడా? పక్కనున్న వేరే మతం పిల్లవాడు "ఓహో, వాళ్లు అందుకే అలా చేస్తారా" అనగలడా? రెండు జవాబులూ వస్తేనే పాఠం నిలబడినట్టు.

మాటల దగ్గరే దొరికిపోతాం

ఉత్తరంలో ఆమె వాడిన పదాలు చూశాం. "యూదుల పాత నిబంధన" అని ఒకచోట రాసింది. పాత నిబంధన అన్నది క్రైస్తవులు పెట్టిన పేరు. కొత్తది వచ్చింది కాబట్టి ఇది పాతదైందని దాని అర్థం. యూదులు తమ గ్రంథాన్ని తనఖ్ అంటారు, వాళ్లకది పాతదీ కాదు, సగమూ కాదు. ఈ విషయం తెలిసినవాళ్లు ప్యానెల్లో ఒక్కరున్నా, సబ్జెక్టు మీద పట్టు ఎంతో అక్కడే తేలిపోతుంది.

ఇంకోచోట "నమాజ్" అని రాసింది. తప్పేం కాదు, భారత ఉపఖండం ముస్లింల ఇళ్లలో వాడేది ఆ మాటే. కానీ తరగతిలో సోమాలీ పిల్లలుంటారు, అరబ్ పిల్లలుంటారు. వాళ్లకది సలా. పరీక్ష పేపర్లో ఉండేదీ సలాయే. "దక్షిణాసియా ఇళ్లలో నమాజ్ అనే సలా" అని రాస్తే, ముస్లింలంతా ఒకే రకంగా ఉండరన్న ఎరుక ఆ ఒక్క ముక్కలో కనబడుతుంది. "ముస్లింలు నమ్ముతారు" అనేచోట "చాలామంది ముస్లింలు", "షియాలు", "సున్నీలలో కొందరు" అని రాయగలిగితే ఇంకా మంచిది. ఈద్ ఏ రోజో కూడా ఒకే వీధిలో రెండు ఇళ్లు రెండు రకాలుగా తేల్చుకునే ఊరు మాది. ఒకరు ఇక్కడి నెలవంక చూస్తారు, మరొకరు సౌదీ ప్రకటన వింటారు.

ఈ పాఠం నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, బోర్డు మీద "సిక్కులు గురుగ్రంథ్ సాహిబ్‌ను పూజిస్తారు" అని రాశాను. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి చెయ్యెత్తి, "మిస్, మేం పుస్తకాన్ని పూజించం. అది మా గురువు. గురువుకిచ్చే మర్యాద ఇస్తాం. పూజ దేవుడికే" అంది. ఆ పిల్లకు పన్నెండేళ్లు. నేను బోర్డు తుడిచి, ఆమె చెప్పినట్టే మళ్లీ రాశాను. ఆ వాక్యం రాసేటప్పుడు నాకు ఎవరి మీదా ద్వేషం లేదు, పక్షపాతమూ లేదు. లేనిదల్లా జ్ఞానమే. అయినా ఆ పిల్లకు తగిలిన దెబ్బ మాత్రం పక్షపాతం తగిలినట్టే తగిలింది.

మట్టి వినాయకుడి పాఠం

ఉత్తరానికి కావలసింది ఒక పాఠం. "శిక్షణలో నీకు బాగా ఇబ్బందైన తరగతి ఏది?" అని అడిగాను. బాగా నడిచిన తరగతి అడుగుతానేమో అనుకుంది. కాసేపు తటపటాయించి చెప్పింది.

నవంబరులో, ఎనిమిదో ఏడు తరగతి, పన్నెండు పదమూడేళ్ల పిల్లలు. హిందూ ఆరాధన పాఠం. తెర మీద ఒక గుడిలోని మూర్తి ఫొటో వేసింది. వెనకనుంచి ఒక ముస్లిం అబ్బాయి, "మిస్, వాళ్లు రాయికి మొక్కుతున్నారు. అది హరామ్ కదా?" అన్నాడు. ఇద్దరు గుజరాతీ పిల్లలు తలలు దించుకున్నారు. తరగతి నిశ్శబ్దమైపోయింది.

"నాకు ఒళ్లు మండింది పిన్నీ, అబద్ధమెందుకు. అది మా ఇంటి సంగతి కూడా కదా."

కానీ ఆమె అతణ్ణి గదమాయించలేదు. "నీ ప్రశ్న పెద్దది. వేల ఏళ్లుగా మనుషులు అడుగుతున్నదే. ఇస్లాంలో అది ఎందుకు తప్పో ముందు నువ్వే మాకు చెప్పు" అంది. అతను తౌహీద్ గురించి, అంటే దేవుడి ఏకత్వం గురించి, షిర్క్ గురించి, అంటే ఆయనకు సాటి కల్పించడం గురించి, తనకు తెలిసినంత చెప్పాడు. ఆమె ఆ రెండు మాటలూ బోర్డు మీద ఎక్కించింది.

తర్వాతి తరగతికి మట్టి తెచ్చి, పిల్లల ముందే చిన్న వినాయకుణ్ణి చేసింది. మన ఇళ్లలో వినాయక చవితికి జరిగేది వరసగా చెప్పింది. మట్టి బొమ్మను తెచ్చినప్పుడు అది బొమ్మే. ప్రాణప్రతిష్ఠ చేసి, దైవాన్ని రమ్మని ఆహ్వానించాకే పూజ. పూజలు ముగిశాక ఉద్వాసన చెప్పి, ఇక వెళ్లిరమ్మని సాగనంపుతారు. ఆ తర్వాత అదే మట్టిని నీళ్లలో కలిపేస్తారు. "మట్టినే దేవుడనుకుంటే నీళ్లలో ఎలా కలుపుతారు?" అని అడిగింది. గుజరాతీ పిల్లల్లో ఒకడు తల ఎత్తి, వాళ్లమ్మ ఇంట్లో ఏం చేస్తుందో చెప్పాడు.

ఆమె అక్కడితో ఆపి ఉంటే అది హిందూ మతం తరఫున వాదించడమే అయ్యేది. ఆపలేదు. హిందువుల్లోనే మూర్తిపూజను కాదన్నవాళ్లున్నారని, 1828లో మొదలైన బ్రహ్మసమాజం, 1875లో మొదలైన ఆర్యసమాజం దాన్ని వద్దన్నాయని చెప్పింది. క్రైస్తవుల్లోనూ ఇదే తగువు నడిచింది. 787లో నైసియా సభ పటాలకు చేసే వందనం వేరు, దేవుడికి చేసే ఆరాధన వేరు అని తేల్చింది. పదహారో శతాబ్దపు సంస్కరణ కాలంలో ఇంగ్లండ్ చర్చిల గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు. ఇక పిల్లల ముందు పెట్టిన ప్రశ్న: కనబడే వస్తువు కనబడనిదాన్ని చూపగలదా? ఎవరు ఏమంటారు, ఎందుకంటారు?

"ఆ అబ్బాయి చివరికి ఏం రాశాడు?" అన్నాను.

"ఇప్పటికీ అది తప్పే అనుకుంటున్నాను, కానీ వాళ్లు మొక్కేది రాయికి అని ఇంకెప్పుడూ అనను అని రాశాడు."

"ఇదుగో నీ ఉత్తరం" అన్నాను.

ఆ అబ్బాయి తన నమ్మకాన్ని వదులుకోలేదు, వదులుకోవాల్సిన అవసరమూ లేదు. హిందూ పిల్లలు పరువు పోగొట్టుకోలేదు. ఇదంతా జరిగింది ఆమె మంచి మనసు వల్ల మాత్రమే కాదు. ఉద్వాసన, తౌహీద్, నైసియా, ఈ మూడూ ఒకే మనిషికి తెలిసి ఉండటం వల్ల జరిగింది.

ఈ సందర్భంలో ఒక తెలుగు మాట గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. విగ్రహారాధన అన్న పదం గుడికి వెళ్లే తెలుగువారికి మామూలు మాట. అదే పదం తెలుగు బైబిలులో పాపం పేరు. గుంటూరులో ఒకే వీధిలో రెండు ఇళ్లలో ఆ పదానికి రెండు బరువులు. ఇంగ్లీషులో మూర్తిని ఐడల్ అన్నా అదే చిక్కు. ఆ పదం వెంట తీర్పు కూడా వచ్చేస్తుంది. అందుకే ఉత్తరంలో మూర్తి అనే రాయమన్నాను.

సొంత ఇంటి విషయంలో

ఇతర మతాల పట్ల న్యాయంగా ఉండటం నేర్చుకుంటే వస్తుంది. సొంత మతం దగ్గర అది ఇంకా కష్టం. కొందరు తమ మతాన్ని పొగుడుతారు. కొందరు పక్షపాతం లేదని చూపించుకోవాలని తమదాన్నే ఎక్కువ తిడతారు. రెండూ పిల్లలకు తెలిసిపోతాయి.

ఆమె మొదటి చిత్తులో హిందూ మతం గురించి ఉన్నదంతా ఉపనిషత్తులే. కులం ఊసే లేదు. "నీ తరగతిలో రవిదాసియా బిడ్డ ఉంటే?" అని అడిగాను. ఈ ప్రాంతంలో ఆ సమాజం వాళ్లున్నారు. కులం మాట పాఠంలో రాకపోతే తన కుటుంబం కథ దాచేశారని ఆ బిడ్డ అనుకుంటుంది. హిందూ మతమంటే కులమొక్కటే అన్నట్టు చెబితే పక్కనున్న హిందూ బిడ్డ కుంగిపోతుంది. అంబేడ్కర్ 1956లో బౌద్ధం ఎందుకు తీసుకున్నాడో, కులాన్ని ఎదిరించిన భక్తి కవులు ఏమన్నారో, రెండూ ఒకే యూనిట్‌లో చెబుతానని ఆమె ఒక వాక్యం రాసింది. ఆ వాక్యం ఉత్తరానికి బరువునిచ్చింది.

తన మతం ఏమిటో ఉత్తరంలో చెప్పాలా అని కూడా అడిగింది. అక్కర్లేదు. ఏ మతానికీ చెందని ఇలాంటి ప్రభుత్వ బడిలో టీచరు మతాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వడం, మానడం చట్టం ఒప్పుకోదు. చర్చి నడిపే కొన్ని బడుల సంగతి వేరు. టీచర్ల ప్రవర్తనా ప్రమాణాల్లో ఒక మాట ఉంది: పిల్లల బలహీనతను వాడుకునేలా సొంత నమ్మకాలను బయటపెట్టకూడదు. నమ్మకం ఉండకూడదని ఎవరూ అనలేదు.

తెలియనిదాన్ని ఎలా రాయాలి

క్రైస్తవం, ఇస్లాం పరీక్ష స్థాయిలో చెప్పగలగాలని బడి అడిగింది. 2016 నుంచి నడుస్తున్న సిలబస్ ప్రకారం జీసీఎస్ఈలో రెండు మతాలు తప్పకుండా చదవాలి. చాలా బడులు తీసుకునే ఏక్యూఏ బోర్డు పేపర్లో 12 మార్కుల ప్రశ్నలు వస్తాయి. ఒక వాక్యం ఇచ్చి, దాన్ని సమర్థించే వాదన, వేరే అభిప్రాయం, మతబోధల ఆధారం, చివరికి కారణాలతో ముగింపు రాయమంటారు. భక్తి గట్టిగా ఉన్న పిల్లలు ఒక వైపే రాసి మార్కులు పోగొట్టుకుంటారు. మతమే దండగనే పిల్లలదీ అదే తీరు. మార్కులు వాదన నడిచిన తీరుకే తప్ప, చేరిన ముగింపుకు కాదు. తన శిక్షణ బడిలో ఆమె పిల్లలతో ముందు తమకు నచ్చని పక్షాన్నే రాయించేది. ఈ పద్ధతిని మూడు వాక్యాల్లో రాసింది. నిష్పాక్షికతకు, పరీక్షా జ్ఞానానికి ఒకే చోట ఆధారం దొరికింది.

యూదు మతం దగ్గర ఆమెకు పట్టు తక్కువ. దాన్ని కప్పిపుచ్చాలని "అన్ని మతాల మీదా లోతైన అవగాహన ఉంది" అని రాసింది. కొట్టేశాను. లోతు అన్ని చోట్లా ఎవరికీ ఉండదు. దానికి బదులు ఉన్నది ఉన్నట్టు రాసింది: ఎంఏలో భారతీయ దర్శనాలు చదివాను, శిక్షణలో క్రైస్తవం, ఇస్లాం పరీక్ష తరగతులకు చెప్పాను, యూదు మతంలో నా చదువు ఇంకా పైపైనే ఉంది, ఈ ఏడాది సినగాగ్‌కు వెళ్లి షబ్బాత్ సేవ చూశాను, ఆర్థడాక్స్, రిఫార్మ్ శాఖల తేడాలు చదువుతున్నాను, సెప్టెంబరులోగా ఆ యూనిట్ సిద్ధం చేస్తాను. ఇలా రాసిన ఉత్తరాన్ని ప్యానెల్ నమ్ముతుంది. తెలిసిందానికీ తెలియనిదానికీ మధ్య గీత గీయగలిగిన మనిషి, తరగతిలో తెలియని ప్రశ్న వస్తే కల్పించి చెప్పదని అర్థమవుతుంది.

శుక్రవారం వెళ్లిన ఉత్తరం

చివరికి రెండు పేజీల్లో అయిదు పేరాలయ్యాయి. మొదటి పేరాలో పాత వాక్యాలు రెండూ లేవు. "గత నవంబరులో, నా ఎనిమిదో ఏడు తరగతిలో ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్నతో ఈ ఉత్తరం మొదలుపెడతాను" అని ఉంది. అబ్బాయి పేరు గానీ, బడి పేరు గానీ రాయలేదు, రాయకూడదు. రెండో పేరాలో సబ్జెక్టు: ఏది ఎంత తెలుసో, ఏది ఇంకా చదువుతోందో. మూడో పేరాలో పరీక్ష తరగతులు. నాలుగులో సొంత మతం, కులం పాఠం. అయిదులో ఆ బడే ఎందుకంటే, ఆ బడి వెబ్‌సైటులో పెట్టిన సిలబస్‌లో మానవవాదం కూడా ఉందని, అది మతం లేని ఇళ్ల పిల్లలకు చోటిస్తుందని, ఆ యూనిట్ చెప్పాలని ఉందని. రెండు పేజీల్లో గౌరవం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

రెండు వారాల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఇక్కడ ఇంటర్వ్యూ అంటే ఒక రోజంతా. తెలియని పిల్లలకు అరగంట పాఠం చెప్పాలి, పిల్లల బృందం అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి, ఆ తర్వాతే హెడ్‌టీచర్. ఆ పిల్లల్లో ఒకమ్మాయి, ఎవరో ఒకరు ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగిందట: "మిస్, మీదే మతం?" "ఏడాది చివర్లో అడుగు, చెబుతాను. అప్పటిదాకా నా పాఠాలు చూసి నువ్వు కనిపెట్టలేకపోతే నేను పని సరిగ్గా చేసినట్టు" అన్నదట.

హెడ్‌టీచర్ గదిలో మొదటి ప్రశ్న మట్టి వినాయకుడి గురించే. పాఠం ఎలా నడిచిందని కాదు, ఆ గుజరాతీ పిల్లాడు ఆ తర్వాత తరగతిలో మాట్లాడుతున్నాడా అని. మాట్లాడుతున్నాడని చెప్పింది. క్రిస్మస్ ముందు మూర్తి అన్న పదానికి అర్థం బోర్డు మీద రాసింది అతనే. అది చూసి ఎక్కించుకున్నవాళ్లలో వెనక బెంచీ అబ్బాయి కూడా ఉన్నాడు.

సెప్టెంబరులో ఆమె ఆ బడిలో చేరింది.